సర్వే ముందా, ఇంటర్వ్యూలు ముందా? మిక్స్‌డ్ మెథడ్స్‌లో డిజైన్ తేల్చుకోవడం

ప్రశ్న: పబ్లిక్ హెల్త్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. గర్భిణులు ఐరన్ మాత్రలు చివరిదాకా ఎందుకు వేసుకోవడం లేదన్నది నా అంశం. సినాప్సిస్‌లో 300 మందితో సర్వే, 20 మందితో ఇంటర్వ్యూలు, మిక్స్‌డ్ మెథడ్స్ అని రాశాను. గైడ్ గారు "ఇందులో ఏ డిజైన్?" అని తిప్పి పంపారు. కన్వర్జెంట్, ఎక్స్‌ప్లనేటరీ, ఎక్స్‌ప్లరేటరీ మూడూ చదివాను. చదువుతుంటే అర్థమవుతున్నాయి కానీ నా పనికి ఏది సరిపోతుందో తేలడం లేదు. మామూలు ఉదాహరణలతో చెప్పగలరా?

సమాధానం:

ఆ 20 ఇంటర్వ్యూలు ఆ 300 ఫారాలకు ఏ పని చేసిపెడతాయి? మీ గైడ్ గారు అడుగుతున్నది ఇదే. సర్వే ఒక అధ్యాయంలో, ఇంటర్వ్యూలు ఇంకో అధ్యాయంలో పెట్టి, రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా ఉంటే అది మిక్స్‌డ్ మెథడ్స్ కాదు. ఒకే అట్టలో కుట్టిన రెండు చిన్న స్టడీలు అవుతాయి. డిజైన్ పేరు చెప్పేది ఆ రెండూ ఎప్పుడు, ఎక్కడ కలుస్తాయన్నది మాత్రమే. అందుకే పేరు దగ్గర మొదలుపెట్టకుండా, కలిసే చోటు దగ్గర మొదలుపెడదాం. మీ ఐరన్ మాత్రల అంశాన్నే మూడు డిజైన్లలోనూ పెట్టి చూపిస్తాను. కింద సర్వే ఫలితాలుగా ఇచ్చే అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే, ఏ స్టడీలోవీ కావు.

ముందు కన్వర్జెంట్. ఇందులో సర్వే, ఇంటర్వ్యూలు దాదాపు ఒకే కాలంలో జరుగుతాయి. దేని విశ్లేషణ దానిదే. రెండూ పూర్తయ్యాక పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఇది బాగా నడవాలంటే ఒక్క షరతు ఉంది: రెండింట్లోనూ అడిగే విషయాలు ఒకటే అయి ఉండాలి. సర్వేలో వికారం, మలబద్ధకం గురించి అడిగి, ఇంటర్వ్యూలో భర్త సహకారం గురించి అడిగితే చివర్లో పోల్చడానికి ఏమీ ఉండదు. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు, అది కూడా డేటా అంతా చేతికొచ్చాక తెలుస్తుంది. కాబట్టి ఫారం తయారు చేసే రోజే ఒక కాగితం మీద వరుసగా అంశాలు రాసుకుని, ప్రతి అంశానికీ ఎదురుగా సర్వే ప్రశ్న ఒకటి, ఇంటర్వ్యూ ప్రశ్న ఒకటి ఉందో లేదో చూసుకోవాలి.

300 మందికి 20 మందిని ఎలా పోలుస్తారని ఎగ్జామినర్లు అడుగుతారు. ఒకటి ఎంతమంది అన్నది లెక్కపెడుతుంది, ఇంకొకటి ఎలా జరిగిందన్నది లోతుగా చెబుతుంది, అందుకని సంఖ్యలు సమానంగా ఉండనక్కర్లేదు. అయితే ఆ 20 మంది ఆ 300 మందిలోంచే వస్తే పోలిక గట్టిగా నిలబడుతుంది.

పోల్చేటప్పుడు వేసే పట్టికను జాయింట్ డిస్‌ప్లే అంటారు. ఎడమవైపు అంశం, తర్వాత సర్వే అంకె, దాని పక్కన ఇంటర్వ్యూలో విన్న మాట, చివర రెండూ కలిపి చూస్తే ఏం తేలిందన్నది. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే మీరు ఏదీ కలపలేదన్నమాట. ఉదాహరణకు, "రోజూ వేసుకున్నాను" అని సర్వేలో 78 శాతం మంది చెప్పారనుకోండి. ఇంటర్వ్యూల్లో మాత్రం సగంమంది తీసి చూపించిన డబ్బాలో మాత్రలు విప్పకుండానే ఉన్నాయి. ఇలా కలవనప్పుడు కంగారుపడి ఒకదాన్ని దాచేయకండి. సర్వే చేసేటప్పుడు పక్కన ఎవరున్నారో ఫీల్డ్ నోట్స్ తిరగేయండి. ఆశా కార్యకర్తో, అత్తగారో గుమ్మంలో నిలబడి ఉంటే "వేసుకున్నాను" తప్ప ఇంకో జవాబు రాదు. వీలైతే కొన్ని ఇళ్లలో ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టండి. కలవకపోవడానికి కారణం దొరికితే అదే మీ అధ్యాయంలో అన్నిటికంటే విలువైన పేరా అవుతుంది.

ఫీల్డ్‌లో ఉండే సమయం తక్కువైనా, రెండోసారి ఊరికి వెళ్లే వీలు లేకపోయినా కన్వర్జెంట్ నప్పుతుంది. కానీ మీ ప్రశ్నలో "ఎందుకు" అనే మాట ఉంది. అందుకే మీకు ఎక్కువగా చెప్పాల్సింది దీని తర్వాతది.

ఎక్స్‌ప్లనేటరీ సీక్వెన్షియల్, ఎక్స్‌ప్లరేటరీ సీక్వెన్షియల్ అనే పేర్లు చెవికి ఒకేలా వినిపించి అందరినీ తికమక పెడతాయి. మొదటిది ఎక్స్‌ప్లెయిన్, అంటే చేతిలో ఉన్న అంకెకు వివరణ కోసం వెళ్లడం. రెండోది ఎక్స్‌ప్లోర్, అంటే ఏం అడగాలో కూడా తెలియనప్పుడు వెతకడానికి వెళ్లడం. మొదటిదానిలో సర్వే ముందు, రెండోదానిలో ఇంటర్వ్యూలు ముందు.

ఎక్స్‌ప్లనేటరీని మీ అంశంతో పూర్తిగా నడిపి చూద్దాం. అనీమియా ముక్త్ భారత్ అనే ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 మాత్రలు అందాలి. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మీరు ఆరు నెలల లోపు బిడ్డలున్న 300 మంది తల్లులను ఎంచుకున్నారనుకుందాం. గర్భంతో ఉన్నవాళ్లనే తీసుకుంటే 180 పూర్తయ్యాయా లేదా అన్నది తేలదు కదా. ఎనభై శాతం, అంటే 144 మాత్రలు, వేసుకున్నవాళ్లను "పూర్తి చేసినవాళ్లు" అని గీత గీశారు.

సర్వే అయింది. నాలుగు లేదా అంతకంటే ఎక్కువసార్లు చెకప్‌కి వెళ్లినవాళ్లు 220 మంది, వాళ్లలో 96 మంది పూర్తి చేశారు. నాలుగుకంటే తక్కువసార్లు వెళ్లినవాళ్లు 80 మంది, వాళ్లలో 22 మంది పూర్తి చేశారు. అంటే 44 శాతానికి ఎదురుగా 27 శాతం చిల్లర. ఆడ్స్ రేషియో సుమారు రెండు వస్తుంది. చాలా థీసిస్‌లు ఇక్కడ ఆగిపోయి "చెకప్‌లు పెరిగితే మాత్రల వాడకం పెరుగుతుంది, కాబట్టి అవగాహన కల్పించాలి" అని రాసేస్తాయి.

మీరు ఆగకండి. ఈ లెక్కలో ఇమడని వాళ్లు రెండు గుంపులుగా ఉన్నారు. చెకప్‌లన్నీ చేయించుకుని కూడా మాత్రలు పూర్తి చేయనివాళ్లు 124 మంది. సరిగ్గా వెళ్లకపోయినా పూర్తి చేసినవాళ్లు 22 మంది. మీ ఇంటర్వ్యూలు ఈ రెండు గుంపుల్లోంచి రావాలి. మొదటి గుంపులోంచి ఒక ఎనిమిది మంది, రెండో గుంపులోంచి ఆరుగురు అని మొదలుపెట్టి, కొత్త సంగతులు రావడం ఆగేదాకా కొనసాగించండి. సర్వేకీ ఇంటర్వ్యూకీ ముడి పడేది ఇక్కడే. ఎవరిని కలవాలో సర్వే చెప్పింది, ఏం అడగాలో కూడా సర్వేనే చెప్పింది. మొదటి గుంపులోని ఆవిడను "మాత్రలు ఎందుకు వేసుకోలేదు?" అని అడిగితే తప్పు చేసినట్టు తల దించుకుంటుంది. "మొదటిసారి చెకప్‌కి వెళ్లిన రోజు నుంచి చెప్పమ్మా, మాత్రలు ఎవరిచ్చారు, ఎన్ని ఇచ్చారు, ఇంటికొచ్చాక ఎక్కడ పెట్టావు?" అని అడిగితే వరుసగా చెప్పుకుంటూ వస్తుంది.

అలా అడిగినప్పుడు ఒకావిడ ఇలా అందనుకోండి: "ఇచ్చినవన్నీ వేసుకున్నానండి. ఒక్కటి కూడా పారేయలేదు." సర్వే ప్రకారం ఆవిడ పూర్తి చేయని మనిషి. ఆవిడ మాట ప్రకారం అన్నీ వేసుకున్న మనిషి. రెండూ నిజమే. ఎలాగంటే, వెళ్లినప్పుడల్లా 30 మాత్రలు ఇచ్చారు. నాలుగుసార్లు వెళ్లింది. నాలుగు ముప్పైలు 120. మీరు గీసిన గీత 144 దగ్గర ఉంది. అంటే చేతికి అందినవన్నీ వేసుకున్నా ఆవిడ ఆ గీత దాటలేదు.

ఇప్పుడు వెనక్కి సర్వేకి వెళ్లండి. మాతా శిశు సంరక్షణ కార్డు చూసి ఎన్ని మాత్రలు అందాయో మీరు ఫారంలో రాసుకుని ఉంటే, ఆ 124 మందిని రెండుగా విడగొట్టవచ్చు. 144 కంటే తక్కువ అందినవాళ్లు 70 మంది, చేతిలో మాత్రలున్నా వేసుకోనివాళ్లు 54 మంది అని తేలిందనుకోండి. ఒక్కసారిగా కథ మారిపోయింది. మొదటి 70 మందికి అవగాహన తరగతి పెట్టి లాభం లేదు, మాత్రలు అందాలి. మిగతా 54 మంది దగ్గర మలం నల్లగా వస్తోందన్న భయం, బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుందన్న నమ్మకం, పొద్దున ఖాళీ కడుపున వేసుకుంటే వికారం లాంటివి వినిపించవచ్చు. ఐరన్, కాల్షియం మాత్రలు రెండూ ఒకేసారి వేసుకోకూడదన్నారని, ఏది ఎప్పుడో గుర్తులేక రెండూ మానేసినవాళ్లు కూడా ఉండవచ్చు.

ఇక్కడ ఒక హద్దు గుర్తుంచుకోండి. 70 అనే అంకె ఇచ్చింది సర్వే, ఇంటర్వ్యూలు కాదు. ఎక్కడ వెతకాలో మాత్రమే ఇంటర్వ్యూలు చూపించాయి. "14 మందిలో ఎనిమిది మంది ఇలా అన్నారు, కాబట్టి 57 శాతం" అని మాత్రం ఎక్కడా రాయకండి. ఆ 14 మందిని మీరు కావాలని ఏరుకున్నారు, వాళ్ల శాతానికి అర్థం లేదు.

ఈ డిజైన్ పేరుకే ఉందా, నిజంగా జరిగిందా అని పసిగట్టడానికి నేను ఒక్కటే చూస్తాను: ఇంటర్వ్యూ ప్రశ్నలు ఎప్పుడు ఫైనల్ అయ్యాయి? సర్వే ఫలితాలు రాకముందే ఫైనల్ అయితే అందులో సీక్వెన్షియల్ ఏమీ లేదు. ఎథిక్స్ కమిటీ ముందే ప్రశ్నలన్నీ అడుగుతుంది కదా అంటారు. తాత్కాలిక ప్రశ్నల జాబితా ఒకటి ఇచ్చి, "మొదటి దశ ఫలితాలను బట్టి మార్చి, సవరణకు పంపుతాము" అని ప్రోటోకాల్‌లోనే రాయండి. సవరణకు పట్టే వారాలు మీ టైమ్‌లైన్‌లో ఉండాలి.

నేను దెబ్బతిన్న విషయం కూడా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఇలాంటి అంశం మీదే బాలింతలతో సర్వే చేశాను. విశ్లేషణకు నాలుగు నెలలు పట్టింది. ఎవరిని మళ్లీ కలవాలో జాబితా తీసుకుని ఊళ్లకు వెళ్తే సగంమంది లేరు. తొలి కాన్పు కాబట్టి పుట్టింట్లో ఉండగా సర్వే చేశాను. నేను తిరిగి వెళ్లేసరికి మూడో నెల, ఐదో నెల వచ్చి బిడ్డతో అత్తారింటికి వెళ్లిపోయారు, కొందరు వేరే జిల్లాలకు. నా దగ్గర ఉన్నది పుట్టింటి ఫోన్ నంబరు ఒక్కటే. అంతకంటే పెద్ద తప్పు, మళ్లీ కలుస్తామని సమ్మతి పత్రంలో రాయలేదు, కాబట్టి దొరికినవాళ్లను పిలవడానికి కూడా మళ్లీ అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. చివరికి దొరికినవాళ్లతో సరిపెట్టుకున్నాను. వాళ్లంతా దగ్గర ఊళ్ల వాళ్లు, ఎక్కువ చెకప్‌లు చేయించుకున్నవాళ్లు. నాకు కావలసిన ఆ చిన్న గుంపు, తక్కువ చెకప్‌లతో మాత్రలు పూర్తి చేసినవాళ్లు, ఒక్కరు కూడా మిగల్లేదు. మీ స్టడీలో సర్వే పూర్తయిన మూడు నాలుగు వారాల్లో కనీసం ఆ చిన్న రెండు వరుసల పట్టికైనా తీసి, ఎంపిక మొదలుపెట్టేయండి. రిగ్రెషన్ అంతా అయ్యేదాకా ఆగనక్కర్లేదు.

ఇక ఎక్స్‌ప్లరేటరీ. ఇది ఎప్పుడంటే, సర్వే ఫారం రాయడానికే మీ దగ్గర మాటలు లేనప్పుడు. మైదాన ప్రాంతంలో వాడిన ఫారం పట్టుకుని పాడేరు వైపు గూడేలకు వెళ్తున్నారనుకోండి. "మీకు రక్తహీనత ఉందని చెప్పారా?" అని అడిగితే ఆ మాటే అక్కడివాళ్లది కాదు. ఒళ్లు పాలిపోవడాన్ని వాళ్లు ఏమంటారు, దానికి కారణం ఏమనుకుంటారు, ఎవరి దగ్గరికి వెళ్తారు, ఎర్ర మాత్రను చూసి ఏమనుకుంటారు, ఇవేవీ తెలియకుండా ఆప్షన్లు ఇస్తే వాళ్లు ఏదో ఒకటి టిక్ చేయిస్తారు, మీకు అంకెలు వస్తాయి, వాటికి అర్థం ఉండదు.

కాబట్టి ముందు ఇంటర్వ్యూలు, తర్వాత వాటిలోంచి ఫారం, ఆ తర్వాత సర్వే. రెండు దశలని పుస్తకాల్లో కనిపించినా చేసేటప్పుడు మూడు. మధ్యలో ఫారం తయారు చేసే దశకే ఎక్కువ చెమట పడుతుంది. మోటుగా చెప్పాలంటే ఇంటర్వ్యూల్లో తేలిన పెద్ద అంశం ఒక్కోటీ ఫారంలో ఒక్కో విభాగం అవుతుంది, వాళ్లు అన్న మాటలు ఆ విభాగంలోని ప్రశ్నలు అవుతాయి. "అత్తయ్య వద్దంటుంది, నాకూ తిప్పుతుంది" అని ఒకావిడ అంటే, "అత్తయ్య వద్దన్నందువల్ల, వికారం వల్ల మాత్రలు మానేశాను" అని ఒకే ప్రశ్న రాయకూడదు. అత్తయ్య ఏమీ అనకపోయినా వికారం ఉన్నావిడ దీనికి అవునంటుందా, కాదంటుందా? దాన్ని రెండు ప్రశ్నలు చేయాలి. రాసిన ప్రతి ప్రశ్ననూ ఒక పది మందికి చదివి వినిపించి, "దీన్ని మీకు అర్థమైనట్టు మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. అక్కడ సగం ప్రశ్నలు తిరగరాయాల్సి వస్తుంది. "పూర్తిగా అంగీకరిస్తాను" నుంచి "అసలు అంగీకరించను" దాకా అయిదు మెట్లు చదువు రానివాళ్లకు ఇబ్బంది. మూడు మెట్లు పెట్టుకుంటే జవాబులు నిలకడగా వస్తాయి.

చివరి సర్వే మొదటి దశలో మాట్లాడినవాళ్లతో చేయకూడదు. వాళ్ల మాటలతోనే చేసిన ఫారం వాళ్లకు సరిపోవడంలో వింత లేదు, వేరేవాళ్లకు సరిపోతుందా అన్నదే తేలాలి. 20 ప్రశ్నల ఫారానికి ఫ్యాక్టర్ అనాలిసిస్ చేయాలంటే, ప్రశ్నకు పది మంది చొప్పున 200 మంది అన్నది అందరూ వాడే మోటు లెక్క. క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటితే సరే అనుకుంటారు. ఆల్ఫా బాగా వచ్చినంత మాత్రాన ఫారం సరైనదాన్నే కొలుస్తోందని కాదు, ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయని మాత్రమే. ఈ డిజైన్‌కు ఏడాది పైనే పడుతుంది. ఆరు నెలల పీజీ డిసర్టేషన్‌కు ఎవరైనా ఇది పెట్టుకుంటానంటే వద్దనే చెబుతాను.

మీ సంగతికి వస్తే, ఐరన్ మాత్రల వాడకం మీద ప్రశ్నాపత్రాలు ఇప్పటికే ఉన్నాయి, మీరు 300 మంది అని లెక్క కూడా వేసుకున్నారు, మీకు కావలసింది "ఎందుకు". కాబట్టి ఎక్స్‌ప్లనేటరీ సీక్వెన్షియల్ అని రాయండి. డయాగ్రమ్‌లో దీన్ని `QUAN → qual` అని చూపిస్తారు. పెద్దక్షరాలు ఎక్కువ బరువున్న భాగానికి, బాణం ఒకదాని తర్వాత ఒకటి అని చెప్పడానికి. బాణం మీద "సర్వేలో ఇమడని రెండు గుంపుల నుంచి ఎంపిక" అని రాస్తే మీ గైడ్ గారి ప్రశ్నకు జవాబు ఆ బాణం మీదే ఉంటుంది. ఇంటర్వ్యూలు 20 అని ఖాయం చేయకుండా "14 నుంచి 20" అని పెట్టండి. మూడు పరిశోధన ప్రశ్నలు రాయండి: సర్వేది ఒకటి, ఇంటర్వ్యూలది ఒకటి, రెండూ కలిపితే ఏం తేలుతుందన్నది ఒకటి. "చెకప్‌లకు సరిగ్గా వెళ్లినా మాత్రలు పూర్తి చేయనివాళ్లు చెప్పే కారణాలు సర్వే ఫలితాన్ని ఎలా వివరిస్తాయి?" అనేది ఆ మూడోది.

సర్వేలో అదనంగా రాసుకోవాల్సినవి రెండున్నాయి. కార్డు చూసి ఎన్ని మాత్రలు అందాయో రాసుకునే గడి ఒకటి. ఫోన్ నంబర్లకు రెండు గడులు, ఆవిడది ఒకటి, అత్తారింటిది ఒకటి. ఈ నంబర్లు, పేర్లు ఫారం మీద కాకుండా కోడ్ నంబరుతో వేరే కాగితంలో ఉండాలి. అత్తారింటికి ఫోన్ చేసినప్పుడు ఏ విషయం మీదో చెప్పకూడదు, ఆవిడతోనే మాట్లాడాలి. సమ్మతి పత్రంలో ఈ వాక్యం పెట్టండి: "ఈ సర్వే తర్వాత మూడు నెలల్లోపు ఇంకొన్ని విషయాలు మాట్లాడటానికి మిమ్మల్ని మళ్లీ కలవవచ్చు. అప్పుడు ఇష్టం లేకపోతే వద్దని చెప్పవచ్చు. అలా మళ్లీ కలవడానికి మీకు సమ్మతమేనా? అవును / కాదు." కాదు అన్నవాళ్లను సర్వేలోంచి తీసేయకండి, ఎంపిక జాబితాలోంచి మాత్రమే తీసేయండి. వాళ్లు ఎంతమందో, ఏ గుంపుల్లో ఉన్నారో థీసిస్‌లో రాయండి.